ఆదివారం కూడా కరెంటు వాడే బడి

చిన్న బడిలో కరెంటు ఎక్కడ ఖర్చవుతోందని అడిగితే ఎవరైనా తలెత్తి ఫ్యాన్ల వైపే చూస్తారు. గదికి రెండు చొప్పున ఉంటాయి, బడి జరిగినంతసేపూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆ అనుమానం సహజమే. తప్పు కూడా కాదు, అన్నిటికంటే ఎక్కువ యూనిట్లు లాగేవి ఫ్యాన్లే. అయితే బిల్లు తగ్గించాలంటే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఫ్యాన్ల దగ్గర దొరకదు. ఎనర్జీ ఆడిట్ నివేదిక అనే మాట ఎంత బరువుగా వినిపించినా, అది చేసే పని ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి చూపించడమే.

2001లో వచ్చిన ఇంధన పొదుపు చట్టం ప్రకారం కరెంటు, బొగ్గు భారీగా వాడే పరిశ్రమలు గుర్తింపు పొందిన ఆడిటర్లతో ఈ తనిఖీ చేయించుకోవాలి. చిన్న బడికి ఆ నిర్బంధం లేదు. చేసుకోవాలనుకుంటే ఆడిటరూ అక్కర్లేదు. పదో తరగతి భౌతికశాస్త్రంలో ఉన్న ‘వాట్లు’, ‘కిలోవాట్ అవర్’ పాఠం వచ్చిన పిల్లలు, ఒక టీచరు, ఏడాది బిల్లులు, ఒక వాచీ ఉంటే చాలు.

లెక్క కోసం ఒక మామూలు పల్లె హైస్కూలును తీసుకుందాం. 180 మంది పిల్లలు, ఎనిమిది తరగతి గదులు, హెడ్మాస్టరు గది, టీచర్ల గది, ఆరు కంప్యూటర్ల ల్యాబ్, ఒక బోరు మోటారు, ఆవరణలో రాత్రికి వెలిగే రెండు స్తంభం లైట్లు. పన్నెండు నెలల బిల్లులు కూడితే 4,480 యూనిట్లు వచ్చింది. ఒక్కో కనెక్షన్ కేటగిరీకి ఒక్కో ధర ఉంటుంది కాబట్టి మీ బడి ధర మీ బిల్లు మీదే చూసుకోవాలి. ఇక్కడ లెక్క సులువుగా సాగడానికి యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. అంటే ఏడాదికి 35,840 రూపాయలు, దానిపైన ఫిక్స్‌డ్ ఛార్జీలు. 100 నుంచి 250 మంది పిల్లలున్న సర్కారు బడికి సమగ్ర శిక్షా కింద ఏడాదికి వచ్చే స్కూలు గ్రాంటు 50,000 రూపాయలు. బల్ల విరిగినా, కుళాయి పాడైనా, సుద్దముక్కలు కావాలన్నా చూసుకునేది ఆ డబ్బు వైపే. కరెంటు బిల్లు కూడా అందులోంచే కట్టాల్సి వస్తే మిగిలేదెంతో చెప్పనక్కర్లేదు.

ఆడిట్‌లో మొదటి పని జాబితా. ప్రతి గదికీ వెళ్లి ఏమేం ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి ఎన్ని వాట్లు అని రాసుకోవాలి. ఇక్కడే చాలామంది వస్తువు మీది చీటీ చూసి అంకె వేసేస్తారు. పాత ఫ్యాన్ల మీద చీటీయే ఉండదు, ఉన్నా వైండింగ్ మళ్లీ చుట్టించిన ఫ్యాను ఆ చీటీ మాట వినదు. పాత ట్యూబ్‌లైట్ మీద 40 వాట్లు అని ఉంటుంది గానీ, దాని వెనక ఉన్న రాగి చోక్ వేడెక్కుతూ మరో పన్నెండు వాట్లదాకా తింటుంది. కాబట్టి ఆ లైటును 52 వాట్లుగా రాయాలి.

అసలు అంకె చెప్పగల సాధనం బడి గోడకే ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్రదీపం మెరుస్తూ ఉంటుంది. పక్కనే `3200 imp/kWh` అని అచ్చువేసి ఉంటుంది. అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోగా ఆ దీపం 3,200 సార్లు మెరుస్తుంది. బడిలో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాను మాత్రమే ఐదో నంబరులో వేసి, రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 1,125ను ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ ఫ్యాను వాడే వాట్లు. పదిహేను సెకన్లకొక మెరుపు అయితే 75 వాట్లు. మీటరు మీద 1600 అని ఉంటే 1,125 బదులు 2,250 తీసుకోవాలి. ఒక్క మెరుపుతో సరిపెట్టకుండా పది మెరుపులకు పట్టిన సమయాన్ని పదితో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది. మా అభిమాన విద్యుత్ పాఠం ఏదని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. సూత్రం పుస్తకంలో ఉంది, దాని రుజువు వరండా గోడ మీద మెరుస్తోంది.

వాట్లు తేలాక గంటలు. ఆడిట్‌లో కష్టమైన భాగం ఇదే. వాట్లను కొలవగలం, గంటలను మాత్రం మనుషులను అడిగి తెలుసుకోవాలి. ఫ్యాన్లు ఏడాది పొడవునా తిరగవు. బడి 220 రోజులు నడిచినా చలికాలం రోజులు తీసేస్తే ఫ్యాన్లకు 180 రోజులే మిగులుతాయి, మధ్యాహ్న భోజనం విరామం పోగా రోజుకు ఆరు గంటలు. ట్యూబ్‌లైట్లు కిటికీ వెలుతురు చాలనప్పుడే వేస్తారు కాబట్టి సగటున మూడు గంటలు. కంప్యూటర్లు రెండు గంటలు. బోరు మోటారు గంటన్నర. మైకు, ప్రింటరు, టీవీ కలిపి ఏడాదికి ఒక వంద యూనిట్లు. స్తంభం లైట్లను హెడ్మాస్టరును అడిగితే ‘రాత్రంతా వెలుగుతాయండీ, పన్నెండు గంటలు’ అంటారు.

అలా అడిగి రాసుకున్నదంతా కూడితే ఈ బడి లెక్క 3,500 యూనిట్లు వచ్చింది. బిల్లేమో 4,480. మధ్యలో 980 యూనిట్లు, అంటే ఐదో వంతుకు పైగా, ఎక్కడికి పోయాయో తెలియదు.

నివేదిక మంచిదో కాదో తేలేది ఈ చోటే. తొందరపడేవాళ్లు ఫ్యాన్ల గంటలను ఆరు నుంచి తొమ్మిది చేసి లెక్క కుదిర్చేస్తారు. అప్పుడు జాబితా బిల్లుతో అందంగా సరిపోతుంది, కానీ దాని మీద ఆధారపడి ఇచ్చే సలహాలన్నీ తప్పుతాయి. జాబితాకూ బిల్లుకూ తేడా ఐదు శాతంలోపు ఉంటే వదిలేయొచ్చు. ఇరవై శాతం తేడా వస్తే మాత్రం మనం చూడని వస్తువో, మనకు తెలియని గంటలో ఎక్కడో ఉన్నట్టే.

వెతకడానికి తేలికైన దారి శనివారం సాయంత్రం నాలుగున్నరకు బడికి తాళం వేసేటప్పుడు మీటరు అంకె రాసుకుని, సోమవారం పొద్దున తొమ్మిదికి తాళం తీయగానే మళ్లీ రాసుకోవడం. మధ్యలో నలభై గంటలన్నర. ఎవరూ లేని బడి. రెండు లైట్లు రెండు రాత్రులు వెలిగితే నాలుగు యూనిట్లు దాటకూడదు. ఈ బడిలో ఎనిమిదిన్నర యూనిట్లు ఖర్చయింది.

సోమవారం పొద్దున లోపలికి వెళ్లగానే ఏ స్విచ్చీ ముట్టకుండా మీటరు ముందు నిలబడితే విషయం తెలిసిపోతుంది. దీపం ఐదు సెకన్లు దాటగానే మెరుస్తోంది, అంటే దాదాపు 210 వాట్లు. బయట చూస్తే ఎండలో స్తంభం లైట్లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి. అవి పాత 70 వాట్ల సోడియం దీపాలు, చోక్‌తో కలిపి ఒక్కోటి 85 వాట్లు. వాటిని ఆపేస్తే మెరుపుల మధ్య వ్యవధి ఇరవై ఎనిమిది సెకన్లకు పెరుగుతుంది గానీ, మెరుపు ఆగదు. ఇంకా 40 వాట్లు ఎక్కడో పోతున్నాయి. తలుపు తీసి చూస్తే కంప్యూటర్ ల్యాబులో యూపీఎస్, ఇంటర్నెట్ డబ్బా పచ్చ దీపాలతో మేలుకునే ఉన్నాయి.

(వాటిని కూడా ఆపేశాక దీపం ఇంకా మెరుస్తుంటే అది పొదుపు సమస్య కాదు, ప్రమాదం. తడిగోడలోనో, ఎలుకలు కొరికిన వైరులోనో కరెంటు లీకవుతుండవచ్చు. అక్కడితో లెక్కలు ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.)

గంటల విషయంలో హెడ్మాస్టరు అబద్ధం చెప్పలేదు. ఆయన బడిలో లేని సమయం గురించి ఊహించి చెప్పారు. సరిగ్గా తెలిసినది ఆయమ్మకు. సాయంత్రం నాలుగున్నరకు తాళం వేసే ముందు లైట్లు వేసి వెళ్తుంది, ఎందుకంటే చీకటి పడ్డాక వచ్చి వేసేవాళ్లు లేరు. మర్నాడు తొమ్మిదికి వచ్చి ఆపుతుంది. ఆదివారం, పండగ సెలవులు వస్తే ఆపేవాళ్లే ఉండరు. దసరాకైనా సంక్రాంతికైనా పగలూ రాత్రీ వెలగడమే. వేసవి సెలవుల్లో 45 రోజులు మెయిన్ ఆపేస్తారు కాబట్టి ఆ రోజులు తీసేసి లెక్కవేస్తే, ఆ లైట్లు ఏడాదికి 6,030 గంటలు వెలుగుతున్నాయి. మొదట రాసుకున్నది 2,640 గంటలే. యూపీఎస్ కూడా రెండు గంటలు కాదు, మెయిన్ ఉన్నన్నాళ్లూ రోజుకు ఇరవై నాలుగు గంటలు. ఈ రెండూ సరిచేశాక జాబితా ఇలా మారింది:

| వస్తువు | మొత్తం వాట్లు | ఏడాదికి గంటలు | యూనిట్లు |
|---|---|---|---|
| ఫ్యాన్లు 20 | 1,500 | 1,080 | 1,620 |
| స్తంభం లైట్లు 2 | 170 | 6,030 | 1,025 |
| ట్యూబ్‌లైట్లు 20 | 1,040 | 660 | 686 |
| బోరు మోటారు, 1 హెచ్‌పీ | 1,100 | 330 | 363 |
| యూపీఎస్, ఇంటర్నెట్ డబ్బా | 40 | 7,680 | 307 |
| కంప్యూటర్లు 6 | 600 | 440 | 264 |
| మైకు, ప్రింటరు, టీవీ | – | – | 100 |

మొత్తం 4,365. బిల్లుకూ దీనికీ తేడా 115 యూనిట్లు, మూడు శాతం లోపే. ఇక ఈ జాబితాను నమ్మవచ్చు.

పట్టికను నిదానంగా చూడండి. 170 వాట్ల లైట్లు 1,040 వాట్ల ట్యూబ్‌లైట్ల కంటే ఎక్కువ యూనిట్లు వాడుతున్నాయి. 40 వాట్ల యూపీఎస్ ఖర్చు ఆరు కంప్యూటర్ల ఖర్చును దాటింది. బిల్లు వచ్చేది వాట్లకు కాదు, వాట్లను గంటలతో గుణించినదానికి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు వాడినా ఒక యూనిట్టే, నలభై వాట్ల వస్తువును ఇరవై ఐదు గంటలు మరిచిపోయినా ఒక యూనిట్టే. మోటారు వేస్తే చప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు ఆపుతారు. యూపీఎస్‌కు చప్పుడు లేదు.

ఇప్పుడు నివేదికలోని రెండో సగం, ఏది ముందు చేయాలి అన్నది. వరుస కట్టడానికి ఎన్ని యూనిట్లు మిగులుతాయో చూస్తే చాలదు. పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో చూడాలి.

మొదటి స్థానం ఖర్చే లేనిదానిది. యూపీఎస్‌ను సాయంత్రం ఆపి పొద్దున వేయడం. బడి వేళల్లో బ్యాటరీ ఛార్జి కావాలి కాబట్టి అప్పుడు నడవనివ్వాలి. అలా చేసినా 241 యూనిట్లు, 1,928 రూపాయలు మిగులుతాయి. దీర్ఘ సెలవులకు వెళ్లే ముందు మాత్రం బ్యాటరీని నిండా ఛార్జి చేసి ఆపాలి, ఖాళీగా వదిలేస్తే పాడవుతుంది.

రెండోది స్తంభం లైట్లు. ఇక్కడ రెండు పనులున్నాయి, వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా లెక్కవేయాలి. చీకటి పడితే వెలిగి తెల్లవారితే ఆరిపోయే సెన్సర్ స్విచ్‌కు అయిదొందలు అనుకుందాం. అది పెడితే వెలిగే సమయం పన్నెండు గంటలకు తగ్గి 372 యూనిట్లు మిగులుతాయి. రెండు నెలల్లో దాని ఖర్చు వచ్చేస్తుంది. ఆ తర్వాత సోడియం దీపాలు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే మరో 499 యూనిట్లు. రెండిటికీ కలిపి 2,500 ఖర్చు, ఏడెనిమిది నెలల్లో తిరిగి వస్తుంది. చాలా నివేదికల్లో ఈ రెండు పొదుపులనూ పాత 6,030 గంటల మీదే విడివిడిగా లెక్కవేసి కూడేస్తారు. అలా చేస్తే ఎల్‌ఈడీ ఒక్కటే 784 యూనిట్లు మిగిల్చినట్టు కనిపిస్తుంది, సెన్సర్ ఎప్పుడో ఆపేసిన గంటలకు కూడా మళ్లీ పొదుపు రాసుకున్నట్టవుతుంది. సరైన పద్ధతిలో రెండూ కలిపి 871 యూనిట్లు, 6,968 రూపాయలు.

సెన్సర్‌ను ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. దాని కన్ను మీద లైటు వెలుతురు పడితే తెల్లారిందనుకుని ఆపేస్తుంది, ఆరగానే మళ్లీ వెలిగిస్తుంది, రాత్రంతా ఇదే వరుస. కన్ను మీద దుమ్మో పిట్టల రెట్టో పేరుకుంటే పగలు కూడా చీకటే అనుకుని వెలిగిస్తూ ఉంటుంది. లైటుకు పైన, ఆకాశం వైపు చూసేలా పెట్టి, నెలకోసారి తుడవాలి.

మూడోది బోరు మోటారు. ఇక్కడి దుబారా నీళ్లలో కనిపిస్తుంది. ట్యాంకు నిండి గోడ వెంట కారుతుంటే పిల్లలెవరో చెబితే గానీ ఆపరు. ట్యాంకు నిండటానికి గంట చాలని వాచీ పెట్టి చూస్తే తెలిసింది. నీటిమట్టాన్ని బట్టి ఆపే ఫ్లోట్ స్విచ్‌కు ఆరొందలు పెడితే 121 యూనిట్లు, 968 రూపాయలు మిగులుతాయి. అంతకంటే ముందు కారే కుళాయిలు బాగు చేయించాలి, ఎందుకంటే కారిపోయిన ప్రతి బిందె నీటినీ మోటారు కరెంటుతోనే పైకి ఎక్కించింది.

నాలుగోది ట్యూబ్‌లైట్లు. 52 వాట్ల స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే 422 యూనిట్లు, 3,379 రూపాయలు. ఒక్కోటి 250 చొప్పున ఇరవైకి ఐదు వేలు, ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది. పాత పట్టీలో చోక్ ఉంచేసి కొత్త గొట్టం మాత్రం దూర్చే ఏర్పాట్లు ఉంటాయి. వాటిలో చోక్ తినే కరెంటు తింటూనే ఉంటుంది, కాబట్టి పట్టీతో సహా మార్చడమే మేలు. ఇరవై ఒకేసారి మార్చే డబ్బు లేకపోతే చెట్టు నీడ పడి ఎక్కువసేపు లైటు వేసే గదులతో మొదలుపెట్టాలి. ఇక్కడ పొదుపుకు ఒక హద్దు కూడా గీసుకోవాలి. తరగతి గదిలో బల్ల మీద సుమారు 300 లక్స్ వెలుతురు ఉండాలి. లైట్లు తగ్గించి పిల్లల కళ్ల మీద భారం వేసి మిగిల్చిన యూనిట్లను నివేదికలో పొదుపు కింద రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

చివరికి ఫ్యాన్లు. 28 నుంచి 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 972 యూనిట్లు, 7,776 రూపాయలు మిగులుతాయి. ఒక్క పనిలో ఇంత మిగిల్చేది ఈ జాబితాలో మరొకటి లేదు. అయినా ఇది ఐదో స్థానంలో ఉంది. ఒక్కోటి 2,800 అనుకుంటే ఇరవై ఫ్యాన్లకు 56,000 కావాలి, అది తిరిగి రావడానికి ఏడేళ్లకు పైన పడుతుంది. ఇళ్లలో ఇదే ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగి మూడేళ్లలోపే తన ఖర్చు తెచ్చేస్తుంది. బడిలో ఏడాదికి 1,080 గంటలే తిరుగుతుంది, అంత తక్కువ వాడకంలో ఖరీదైన వస్తువు తన డబ్బు త్వరగా సంపాదించుకోలేదు.

అలాగని ఫ్యాన్లను వదిలేయమని కాదు. పనిచేస్తున్న ఫ్యానును తీసి పారేయకుండా, అది కాలిపోయిన రోజున బీఎల్‌డీసీ కొనాలన్నది సరైన సలహా. అప్పుడు ఎలాగూ 1,600 పెట్టి మామూలు ఫ్యానైనా కొనాల్సిందే కాబట్టి, లెక్కలోకి వచ్చే అదనపు ఖర్చు 1,200 మాత్రమే. ఏడాదికి 389 రూపాయలు మిగిల్చి మూడేళ్లలో దాన్ని తీర్చేస్తుంది. కొత్త ఫ్యానును పాత రెగ్యులేటరుకు తగిలించకూడదు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు పాడవుతుంది. రిమోట్ మీదే నడిచే రకం కొంటే తరగతి గదిలో ఆ రిమోట్ ఎన్నాళ్లు నిలుస్తుందో టీచర్లకు తెలుసు, గోడ స్విచ్‌తో వేగం మార్చే రకం తీసుకోవాలి. ఈలోగా నెమ్మదిగా తిరిగే పాత ఫ్యాన్లకు కండెన్సర్ మార్చి చూడాలి. కరెంటు తగ్గదు గానీ, వాడిన కరెంటుకు గాలైనా సరిగ్గా వస్తుంది.

ఫ్యాన్లు పక్కన పెట్టి మొదటి నాలుగు పనులే చేస్తే మొత్తం ఖర్చు 8,600 రూపాయలు, ఏడాదికి 1,655 యూనిట్లు, అంటే 13,240 రూపాయల పొదుపు. వాడకంలో మూడో వంతు కంటే ఎక్కువ. ఎనిమిది నెలల్లో పెట్టుబడి వచ్చేస్తుంది.

పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టాలన్న మాట ఇప్పుడు ప్రతి బడిలోనూ వినిపిస్తోంది. మంచి మాటే, కానీ వరుసలో దాని చోటు ఈ నాలుగు పనుల తర్వాతే. మన ఎండలో ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఇప్పటి 4,365 యూనిట్ల వాడకానికి మూడు కిలోవాట్లు కావాలి. దుబారా ఆపాక మిగిలే 2,710 యూనిట్లకు రెండు కిలోవాట్లు చాలు. ముందే మూడు కిలోవాట్లు కొనేస్తే, పట్టపగలు వెలిగే స్తంభం లైట్ల కోసం పలకలు కొన్నట్టవుతుంది.

పనులన్నీ అయ్యాక పొదుపు నిజంగా జరిగిందా అని చూడటానికి కిందటి నెల బిల్లుతో పోల్చకూడదు. నవంబరు బిల్లు అక్టోబరు కంటే తగ్గడంలో మన గొప్ప ఏమీ లేదు, చలి వచ్చి ఫ్యాన్లు ఆగాయి. కిందటి ఏడాది నవంబరుతో పోల్చాలి. అది కూడా బడి నడిచిన రోజులు, కొత్తగా కొన్న వస్తువులు చూసుకుని పోల్చాలి. ఏడాది ఆగలేనివాళ్లకు శనివారం, సోమవారం అంకెలు ఉన్నాయి. మొదట ఎనిమిదిన్నర యూనిట్లు చూపించిన అదే నలభై గంటలన్నరలో ఇప్పుడు ఒక్క యూనిట్ దగ్గర ఆగాలి, రెండు ఎల్‌ఈడీలు రెండు రాత్రులు వెలిగితే అంతే అవుతుంది. ఒకటిన్నర దాటితే యూపీఎస్ ఆపడం మరిచిపోయారా, సెన్సర్ కన్ను మూసుకుపోయిందా అని ఆ పొద్దున్నే చూడాలి. నెలకోసారి ఈ రెండు అంకెలూ రాసే పని తొమ్మిదో తరగతికి అప్పగించి, నివేదిక చివరి పేజీలో అందుకోసం గళ్లు గీసి ఉంచాలి.